క్లయింట్ల సమాచారం, ఏఐ టూల్స్ వాడకం: ఆఫీసు నిబంధనలు

విజయవాడ ఆఫీసు, గుంటూరు బ్రాంచి
అమలు: 2026 ఏప్రిల్ 1 నుంచి

1. ఎవరికి వర్తిస్తాయి

పార్ట్‌నర్లు, మేనేజర్లు, అకౌంటెంట్లు, ఆర్టికల్స్ చేస్తున్నవాళ్లు, రిటర్నుల సీజన్‌లో తాత్కాలికంగా వచ్చే డేటా ఎంట్రీ వాళ్లు, అందరికీ. పార్ట్‌నర్లకు మినహాయింపు లేదు. ఆఫీసు సిస్టమ్ మీద చేసినా, సొంత ఫోన్‌లో చేసినా ఒకటే లెక్క.

2. ఎందుకు

క్లయింట్ అనుమతి లేకుండా, చట్టం అడగకుండా అతని వివరాలు బయటపెట్టడం 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం రెండో షెడ్యూల్ ప్రకారం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. మన సర్టిఫికెట్ మీదికి వచ్చే విషయం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం డేటాకు తగిన భద్రత కల్పించకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు. ఇవి రెండూ లేకపోయినా, తన ఇంటి లెక్కలు మన చేతిలో పెట్టినవాడు వాటిని ఎక్కడికో పంపమని మనకు చెప్పలేదు.

3. ఏవి ఏఐ టూల్స్

చాట్‌జీపీటీ, జెమిని, కోపైలట్ లాంటివి అందరికీ తెలిసినవే. మనం పట్టించుకోనివి ఇంకా ఉన్నాయి: వాట్సాప్‌లోని మెటా ఏఐ, జూమ్ మీటింగ్‌లో చేరి నోట్స్ రాసే బాట్, బ్రౌజర్‌లో పీడీఎఫ్‌ను కుదించి చెప్పే ఎక్స్‌టెన్షన్, తెలుగు దస్తావేజును ఇంగ్లిష్ చేసిపెట్టే యాప్. వీటన్నిటికీ ఈ నిబంధనలే.

4. ఎక్కడా పెట్టకూడనివి

పాన్, ఆధార్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఫారం 16, 26ఏఎస్, ఏఐఎస్, ట్యాలీ బ్యాకప్‌లు, జీతాల పట్టికలు, పోర్టల్ పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు, శాఖ నుంచి వచ్చిన నోటీసుల కాపీలు, భాగస్వామ్య ఒప్పందాలు. టైప్ చేయడం, కాపీ పేస్ట్, ఫొటో, స్క్రీన్‌షాట్, వాయిస్ ఏ రూపంలోనూ వద్దు. "నా సెట్టింగ్స్‌లో ట్రైనింగ్ ఆఫ్ చేశాను" అనేది సమాధానం కాదు. ఆఫ్ చేసినా సమాచారం మన ఆఫీసు దాటి వెళ్లినట్టే.

పేరు తీసేశాం కదా అని ఊరుకోవద్దు. జీఎస్టీ నంబరు సంగతే చూడండి. 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం కోడ్ (మనకు 37, తెలంగాణకు 36), ఆ తర్వాతి పది అచ్చంగా పాన్. C2 గడిలో జీఎస్టీ నంబరుంటే ఎక్సెల్‌లో ఈ ఒక్క ముక్క చాలు, పాన్ బయటికొస్తుంది:

```
=MID(C2,3,10)
```

అంటే పార్టీల పేర్లు చెరిపేసి జీఎస్టీఆర్-2బి షీటు అప్‌లోడ్ చేసినవాళ్లు ఆ పార్టీల పాన్‌లన్నీ ఇచ్చేసినట్టే. అలాగే "గుంటూరు మిర్చి యార్డు దగ్గర కోల్డ్ స్టోరేజీ, టర్నోవర్ ఇంత, అన్నదమ్ములు విడిపోతున్నారు" అని రాస్తే పేరు చెప్పనక్కర్లేదు, ఊళ్లో ఎవరైనా పోల్చుకుంటారు.

5. ఎలా వాడొచ్చు

ఆఫీసు డబ్బు కట్టి తీసుకున్న బిజినెస్ అకౌంట్ ఒక్కటే, ఆఫీసు మెయిల్ ఐడీతోనే. మన సమాచారాన్ని మోడల్ శిక్షణకు వాడబోమని ఆ కంపెనీతో ఒప్పందం ఉంది. అయినా నాలుగో నిబంధన అక్కడా వర్తిస్తుంది. ఒప్పందం ఉన్నది మనకూ ఆ కంపెనీకీ మధ్య, క్లయింట్‌కు దాంతో సంబంధం లేదు.

సెక్షన్ అర్థం అడగొచ్చు. ఎక్సెల్ ఫార్ములా రాయించుకోవచ్చు. కల్పిత అంకెలతో జవాబు లేఖ నమూనా తయారు చేయించుకోవచ్చు. "ఇన్‌పుట్ క్రెడిట్ తేడాపై వచ్చిన నోటీసుకు జవాబు ఎలా మొదలుపెట్టాలి?" అంటే సరే. నోటీసు పీడీఎఫ్ ఎక్కించి "దీనికి జవాబు రాయి" అంటే కుదరదు.

ఏదైనా క్లయింట్ పనికి అతని సమాచారం పెట్టక తప్పకపోతే ఆ క్లయింట్ నుంచి రాతపూర్వక అనుమతి, దాని మీద పార్ట్‌నర్ సంతకం రెండూ ఉండాలి. ఫోన్‌లో "పర్లేదండి" అన్న మాట చెల్లదు.

6. వచ్చిన జవాబును నమ్మడం

ఏఐ చెప్పిన సెక్షన్, సర్క్యులర్, తీర్పు ఏదైనా అసలు చోట తెరిచి చదవకుండా ఫైల్లోకి రాకూడదు. 2024 డిసెంబరులో బెంగళూరు ఆదాయపు పన్ను అప్పీలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన ఒక ఉత్తర్వులో ఉదహరించిన తీర్పుల్లో అసలు లేనివి ఉన్నాయని తేలి, దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ట్రిబ్యునల్‌కే తప్పలేదు. సంతకం పెట్టినవాళ్లదే బాధ్యత, "ఏఐ అలా ఇచ్చింది" అని అధికారి ముందు చెప్పుకోలేం.

7. పొరపాటున వెళ్లిపోతే

వెంటనే మీ మేనేజర్‌కు ఫోన్ చేయండి, రాత్రయినా సరే. మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. చాట్ డిలీట్ చేయకండి. ఏం వెళ్లిందో తెలియాలంటే అదే ఆధారం. కొన్ని రకాల సైబర్ ఘటనలను తెలిసిన 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలి కాబట్టి, తెల్లారేదాకా ఆగితే ఆ గడువు మనకు మిగలదు. ఏ క్లయింట్ సమాచారమైతే వెళ్లిందో ఆ క్లయింట్‌కు పార్ట్‌నరే స్వయంగా చెబుతారు.

తానుగా వచ్చి చెప్పినవాళ్లపై మొదటిసారి క్రమశిక్షణ చర్య ఉండదు. దాచిపెట్టి తర్వాత బయటపడితే మాత్రం మామూలు పొరపాటుగా చూడం: ఉద్యోగులకు నోటీసు, ఆర్టికల్స్ వాళ్లైతే విషయం ఇన్‌స్టిట్యూట్ దాకా వెళ్తుంది.

8. సంతకాలు

మార్చి 28లోగా అందరూ రిసెప్షన్‌లో ఉన్న రిజిస్టర్‌లో సంతకం చేయాలి. గుంటూరు వాళ్ల పేజీలు అక్కడి మేనేజర్ దగ్గర ఉంటాయి. ఫోన్లలో, బ్రౌజర్లలో ఉన్న ఎక్స్‌టెన్షన్లు ఆలోపే తీసేయండి. ఏది ఉంచాలో తెలియకపోతే ఐటీ చూసే అతనికి చూపించండి.