కృష్ణా ట్రిబ్యునల్ ఫోటోలు: విడతలుగా చదివి సారాంశం రాసే ప్లాన్

సుధ, ఇమ్రాన్, రమణ గారికి

వచ్చే నెల కర్నూలులో జరిగే రైతుల సమావేశానికి మనం ఇవ్వాల్సింది పన్నెండు పేజీల తెలుగు సారాంశం. చేతిలో ఉన్నవి లైబ్రరీలో ఫోన్‌తో తీసిన 386 ఫోటోలు. కృష్ణా నీళ్ల పంపకం మీద బచావత్ ట్రిబ్యునల్ 1973 డిసెంబరు 24న ఇచ్చిన నివేదిక, 1976 మే 27న ఇచ్చిన తదుపరి నివేదిక, ఈ రెంటిలో మనకు కావాల్సిన భాగాలు వాటిలో ఉన్నాయి. అన్నీ ఒకే ఊపులో చదివి రాయడం ఎవరివల్లా కాదు. నూరో ఫోటోకి వచ్చేసరికి ఇరవయ్యోది మర్చిపోతాం. అందుకే విడతలుగా చదువుదాం, ఒక సారాంశాన్ని వెంట పెంచుకుంటూ పోదాం.

ముందు ఫోటోల సంగతి. ఒక్కో ఫోటోకి వరుస నంబరు, విడత నంబరు ఉండాలి: `KW_088_v05.jpg` లాగా. ఫోన్ ఇచ్చిన పేరు నమ్మొద్దు, రెండు ఫోన్లతో తీశాం కాబట్టి వరుస కలిసిపోయింది. పుస్తకం మధ్య మడతలో అంకెలు వంగిపోయినవి, వేలు అడ్డం వచ్చినవి, లైటు పడి మెరిసినవి ఇమ్రాన్ పక్కకు తీసి జాబితా రాయాలి. అలాంటి పేజీని ఊహించి పూరించొద్దు. "ఇక్కడ రెండు లైన్లు చదవడానికి రావట్లేదు" అని రాస్తే చాలు. అక్షరాలు గుర్తించే యాప్‌తో టెక్స్ట్ తీసుకోవచ్చు గానీ, పట్టికలకు అది పనికిరాదు. 39.90 కాస్తా 3990 అవుతుంది, 3కి 8కి తేడా పోతుంది. పట్టికలు చేత్తో టైప్ చేద్దాం, రమణ గారు ఫోటో పక్కన పెట్టుకుని సరిచూస్తారు.

ఇప్పుడు అసలు విషయం, విడత ఎక్కడ కోయాలి.

సమానంగా ఇరవై ఇరవై ఫోటోలు పంచుకుంటే పని తేలికే, కానీ ఈ నివేదికకు అది ప్రమాదం. ఒక అంశం మీద మహారాష్ట్ర వాదన, కర్ణాటక వాదన, ఆంధ్రప్రదేశ్ వాదన చెప్పి, ఆ తర్వాత ట్రిబ్యునల్ తన నిర్ణయం చెబుతుంది. వాదన ఒక విడతలో, నిర్ణయం ఇంకో విడతలో పడితే, మొదటి విడత చదివినవాళ్లు ఒక రాష్ట్రం అడిగినదాన్నే ట్రిబ్యునల్ ఒప్పుకున్నట్టు రాసేస్తారు. పదిహేను విడతల తర్వాత దాన్ని పట్టుకోవడం కష్టం. అందుకని కోత ఎప్పుడూ అంశం అయిపోయిన చోటే. ఒక విడత పన్నెండు ఫోటోలుండొచ్చు, ఇంకోటి ముప్పై ఉండొచ్చు, ఫర్వాలేదు. నేను శీర్షికలు చూసి వేసిన లెక్క ప్రకారం 22 విడతలు వస్తాయి. ప్రతివాళ్లూ తమ విడతతోపాటు ముందు విడత చివరి రెండు ఫోటోలు కూడా చదవాలి.

ఇంకో నియమం: అందరం మొదట చివర ఉన్న ఉత్తర్వు చదువుదాం. ఎక్కడికి చేరుతుందో తెలిస్తే దారిలో ఏది ముఖ్యమో తెలుస్తుంది. ట్రిబ్యునల్ రెండు పంపకం పద్ధతులు చర్చించింది, స్కీమ్ ఏ, స్కీమ్ బీ అని. స్కీమ్ బీ మీద ఎంత చర్చ ఉన్నా అది ఉత్తర్వులోకి రాలేదు, స్కీమ్ ఏ ప్రకారమే పంపకం జరిగింది. ఇది ముందే తెలియకపోతే స్కీమ్ బీకి మూడు పేజీలు ఖర్చుపెడతాం.

ప్రతి విడతకూ ఒక నోట్ రాయాలి, ఒక పేజీ దాటకూడదు. ప్రతి వాక్యం చివర ఫోటో నంబరు, వాక్యం ముందు ఈ మూడింటిలో ఒక గుర్తు: "వాదన", "పరిశీలన", "నిర్ణయం". నమూనా ఇదిగో:

```
విడత 9
నిర్ణయం: 75 శాతం లభ్యత దగ్గర 2060 టీఎంసీలు. (ఫోటో 161)
నిర్ణయం: మహారాష్ట్ర 560, కర్ణాటక 700, ఆంధ్రప్రదేశ్ 800. (ఫోటో 163)
పరిశీలన: పునరుత్పత్తి జలాలు దీనికి అదనం, మొత్తం 70. (ఫోటో 166)
తేలనిది: ఈ 70 ఏ ఏడాది నుంచి లెక్కలోకి వస్తుంది?
```

చివరి వరస తీసేయొద్దు. తర్వాతి విడతలో జవాబు దొరికితే కొట్టేద్దాం. చివరికి ఈ 70 కూడా చేరి మూడు రాష్ట్రాలకు వరసగా 585, 734, 811, కలిపి 2130 అని మనకు తెలుసు, కానీ తెలుసు కదా అని తొమ్మిదో విడత నోట్‌లోకి ముందే తేవొద్దు. ఆ విడతలో ఉన్నదే రాయాలి.

వెంట నడిచే సారాంశం నా దగ్గర ఉంటుంది. మీ నోట్ రాగానే వరుసలో కలుపుతాను. అందుకే విడతలు పంచుకుని సమాంతరంగా చదవొచ్చు, కలపడం మాత్రం ఒక్కరి చేతిలో, ఒక్క వరుసలో. అది రెండు పేజీలు మించకూడదు. కొత్త విడత వస్తే పాతది కొంత కుదించాలి. కుదించేటప్పుడు తీసేయకూడనివి మూడు: అంకె, దాని యూనిట్, దానికున్న షరతు. షరతు గురించి కాస్త నొక్కి చెబుతున్నాను. మిగులు నీళ్లు ఆంధ్రప్రదేశ్ వాడుకోవచ్చని ట్రిబ్యునల్ అంది. ఆ వెంటనే, దానిమీద హక్కు మాత్రం రాదని కూడా అంది. రెండో వాక్యం జారిపోతే మొదటిది అబద్ధం కాకపోయినా సమావేశంలో గొడవ ఖాయం.

అలాగే కేటాయింపు రాష్ట్రానికి మొత్తంగా ఇచ్చినదే. ప్రాజెక్టుల వారీగా కనిపించే అంకెలు, కేసీ కాలువకు 39.90 లాంటివి, ఆ మొత్తానికి ఎలా చేరారో చెప్పే లెక్కలోవి. మన రైతులు ముందు అడిగేది కేసీ కాలువ గురించే. 2014 విభజన చట్టం 89వ సెక్షన్ తర్వాత ప్రాజెక్టుల వారీ మాట ఇంకా వేడిగా ఉంది. కాబట్టి ఈ రెండు రకాల అంకెలూ సారాంశంలో వేర్వేరు పేరాల్లోనే ఉంటాయి.

ప్రతి ఐదు విడతలకు ఒకసారి నడిచే సారాంశాన్ని పక్కన పెట్టి, ఆ ఐదు నోట్ల నుంచి మళ్లీ రాస్తాను. సారాంశానికి సారాంశం తీస్తూ పోతే మజ్జిగలో నీళ్లు పోసినట్టే, రంగు తెల్లగానే ఉంటుంది, రుచి ఉండదు. చివరి పన్నెండు పేజీలు కూడా నోట్ల నుంచే రాస్తాం. అప్పుడు నడిచే సారాంశం దారి చూపడానికే తప్ప ఆధారంగా వాడం.

1976 నివేదికది ప్రత్యేకం. అది మునుపటిదానిమీద వివరణ, సవరణ. అందులో ఏదైనా మారితే పాత వాక్యాన్ని చెరపకండి. పక్కనే "1976లో మారింది" అని, కొత్త ఫోటో నంబరుతో రాయండి. రెండో ట్రిబ్యునల్‌లోనూ ఇదే జరిగింది కదా, 2010లో ఆంధ్రప్రదేశ్‌కు 1001 టీఎంసీలు, 2013లో 1005.

పంపకం: 1 నుంచి 8 సుధ, 9 నుంచి 15 ఇమ్రాన్, మిగతావి నేను. సుధ, నీ విడతల్లోనే వాదనలు ఎక్కువ, కాబట్టి రోజుకు ఒక్కటి చాలు, తొందరపడకు. రమణ గారూ, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులని, అదే నీరు ఒక రోజంతా పారితే దాదాపు 11,574 క్యూసెక్కులని రైతులకు అర్థమయ్యేలా ఒక చిన్న పేరా మీరే రాయాలి. మీ అంత సులువుగా ఇంకెవరూ చెప్పలేరు.

మసక ఫోటోల జాబితా సోమవారం సాయంత్రానికల్లా ఇమ్రాన్ పంపాలి. లైబ్రరీకి మళ్లీ వెళ్లేది ఒక్కసారే, ఆ రోజే అన్నీ తీసుకుందాం.