పెండ్లికి ముందు మన లెక్కలు

నమస్తే. నిశ్చితార్థం అయిన నాటి నుంచి ఇరువైపుల పెద్దలు బంగారం గురించి, ఫంక్షన్ హాలు గురించి ఎంతో మాట్లాడుకున్నారు గానీ, రేపు ఒకే ఇంట్లో ఉండబోయే మనిద్దరం మన జీతాలు ఎటు పోతున్నాయో ఇంతవరకు చెప్పుకోలేదు. ఆదివారం మీరు నల్లగొండ వచ్చినప్పుడు ఆ మాటే తీరిగ్గా మాట్లాడుకోవాలని ఉంది. అడిగేదాన్ని నేను కనుక ముందు నా సంగతి చెబుతాను.

ఆసుపత్రిలో నాకు చేతికి వచ్చేది 34,000 రూపాయలు. అందులో 10,000 చిట్టీకి పోతుంది. రెండు లక్షల చిట్టీ, ఇంకా ఏడు నెలలుంది, ఎత్తలేదు. పాటలో తగ్గించుకొనైనా ఇప్పుడే ఎత్తి పెండ్లి ఖర్చులకు పెట్టమని ఇంట్లో అంటున్నారు, నాకు ఇష్టం లేదు. కారణం నాన్న అప్పు. బత్తాయి తోట ఎండిపోకుండా బోర్లు వేయించడానికి ఆయన మూడు లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చారు. నెలనెలా నేను ఇంట్లో ఇచ్చే 6,000 ఆ మిత్తికే సరిపోతుంది, అసలు మాత్రం అలాగే ఉంది. చిట్టీని చివరిదాకా ఆపి, కమీషన్ పోను వచ్చినదంతా ఆ అసలులో కడితే, మిత్తి మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా దిగుతుంది. పెండ్లి తరువాత కూడా అప్పు తీరేదాకా ఈ సాయం ఆపలేను. మీకు ఇది తరువాత తెలియడం కన్నా ఇప్పుడే తెలియాలని రాస్తున్నాను. అభ్యంతరం ఉంటే మొహమాటపడకుండా చెప్పండి.

జడ్చర్లకు వచ్చాక మహబూబ్‌నగర్‌లో నాకు మళ్లీ ఉద్యోగం దొరికేదాకా ఇల్లు మీ ఒక్కరి జీతం మీదే నడవాలి. చిట్టీకి, నాన్నకు కలిపి పోయే 16,000 ఒక మూడు నెలల వరకు బ్యాంకులో నేను దాచిన 60,000 లోంచి కడతాను. ఆపైన ఏం చేయాలో ఇద్దరం కలిసి ఆలోచించాలి.

మీ వైపు నుంచి నాకు తెలియవలసినవి కొన్ని ఉన్నాయి. ప్లాటుకు వాయిదాలు కడుతున్నారని అత్తమ్మ మాటల్లో విన్నాను. ఇంకా ఎంత మిగిలింది, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున అవుతుంది? బండి ఈఎంఐ కాక క్రెడిట్ కార్డు బాకీలు, చేబదుళ్లు ఏమైనా ఉన్నాయా? అన్నిటికన్నా ముఖ్యంగా, స్నేహితులకో చుట్టాలకో జామీను సంతకం పెట్టి ఉన్నారా? తీసుకున్నవాళ్లు కట్టకపోతే ఆ అప్పు మన గడపకే వస్తుంది కనుక ఇంత గట్టిగా అడుగుతున్నాను. అత్తమ్మ, మామయ్యలకు మీరు నెలనెలా ఇచ్చేది తగ్గించమని నేను ఎన్నడూ అనను, ఎంతో తెలిస్తే దాన్ని పక్కన పెట్టే మిగతా ఖర్చు వేసుకుంటాము.

నేను ఖర్చు చేసే ముందు చాలా సేపు ఆలోచిస్తాను, అవసరమైన వస్తువును కూడా నెలల తరబడి వాయిదా వేస్తాను. మీరు నచ్చింది వెంటనే కొంటారని గమనించాను. అది తప్పని కాదు, ఎంత దాటితే ఒకరినొకరం అడగాలో ముందే అనుకుంటే తరువాత మనసులు నొచ్చుకోవు.

పెండ్లికి ముందు రాసిన పీఎఫ్ నామినేషన్ పెండ్లితో చెల్లకుండా పోతుంది, కాబట్టి ఇద్దరం కొత్తగా రాయాలి. ఇందులో ఏదైనా ఎదురుగా చెప్పడం కష్టమనిపిస్తే ఆదివారానికి ముందే రాయండి. గురువారం, శుక్రవారం నాకు రాత్రి డ్యూటీ లేదు, ఫోన్‌లోనైనా మాట్లాడవచ్చు.