పదహారో పుట్టినరోజుకి, నీకు మాత్రమే

కార్తీక్, రేపు బస్ పాస్ మర్చిపోకుండా బ్యాగులో పెట్టుకో.

ఈ మొదటి లైన్ కావాలనే ఇట్లా రాశాను నాన్నా. నీ ఫోన్ లాక్‌లో ఉన్నా మెసేజ్ మొదటి మాటలు పైన కనపడతాయి కదా, పక్కన ఎవరన్నా ఉంటే వాళ్ల కళ్లు పడేది దాని మీదే. మిగిలింది నీ గదిలో తలుపేసుకుని చదువుకో. ఫ్యామిలీ గ్రూపులో "కార్తీక్‌కి పుట్టినరోజు శుభాకాంక్షలు" అని ఒక్క లైన్ పెడతాను. ఫొటో ఉండదు. నా స్టేటస్‌లో ఏమీ పెట్టను. మీ పెద్దమ్మకి, అత్తకి కూడా ఈ మాట చెప్పాను, వాళ్లూ పెట్టరు.

పోయినేడు సంగతి ముందు చెప్పాలి. పెంచలకోనలో నీకు పుట్టెంట్రుకలు తీసే ముందురోజు తీసిన ఫొటో అది. జడ వేసి, కనకాంబరాలు పెట్టి, పట్టుపావడా కట్టి, బుగ్గన చుక్క పెట్టి నిన్ను పీట మీద కూర్చోబెట్టాము. నాకు ఆ ఫొటో అంటే ప్రాణం. ఆ ఇష్టంతో స్టేటస్‌లో పెట్టేశాను. అది మీ క్లాసు గ్రూపుదాకా పోతుందని, నిన్ను రోజుల తరబడి ఆ పావడా పేరుతో పిలుస్తారని నాకు తట్టలేదు. ఆ రాత్రి నువ్వు కంచం ముందు నుంచి లేచిపోయావు. "చిన్నప్పటి ఫొటోయే కదరా, దానికేంది" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఫొటో నీది, అడక్కుండా పెట్టడం నా తప్పు. ఇప్పుడది బీరువాలో నా పట్టుచీరల కింద ఉంది, ఫోన్‌లో తీసేశాను. నీకు చూడాలనిపించిన రోజు అడుగు, ఇస్తాను.

నీకు ఇప్పటిదాకా చెప్పని సంగతి ఇంకోటి ఉంది. పదహారేళ్లు వచ్చాయి కాబట్టి చెప్తున్నా.

పెళ్లయిన ఐదేళ్లకి కూడా మాకు పిల్లలు లేరు. 2009 జనవరిలో రొట్టెల పండగ వచ్చింది. మీ నాయనమ్మ నన్ను బారాషహీద్ దర్గాకి తీసకపోయింది. స్వర్ణాల చెరువులో మోకాళ్లలోతు నీళ్లు, పొద్దున్నే ఐస్‌లాగా ఉన్నాయి. చుట్టూ జనం "విద్య రొట్టె", "ఉద్యోగం రొట్టె" అని అరుస్తున్నారు. నాకు "సంతానం రొట్టె" అని నోరు తెరిచి అడగడానికి సిగ్గేసింది. ఎవరో ఒకామె, ఏ ఊరో కూడా తెలీదు, చంకన పిల్ల ఉంది, నా మొహం చూసి తనే దగ్గరికొచ్చింది. అడక్కుండానే రొట్టె నా చేతిలో పెట్టి, "వచ్చేసారి నువ్విద్దువు గానీలే అమ్మా" అనింది. తల మీద కొంగు కప్పుకుని, నీళ్లలోనే నిలబడి తిన్నాను. తడి చేత్తో పట్టుకోడంతో రొట్టె అంచు మెత్తబడిపోయింది. ఆ రుచి ఇప్పటికీ నోట్లోనే ఉంది.

2010 డిసెంబర్‌లో అదే చెరువులో నిన్ను ఎత్తుకుని నిలబడి, నేను రొట్టె పంచాను. అప్పుడు నీకు పదకొండో నెల. ఇచ్చే రొట్టెని నువ్వు గుంజుకుని కొరికేశావు, తీసుకునే ఆమె కూడా నవ్వేసింది. ఎన్ని పుట్టినరోజులు చేసినా నా లెక్కలో నువ్వు ఆ నీళ్లలోనే నాకు దొరికావు.

ఈ మధ్య నువ్వు మాట్లాడేది తగ్గింది. అన్నం పెట్టమంటావు, చార్జర్ యాడుందంటావు, అంతే. మొదట్లో నాకు కష్టంగా ఉండేది, మీ నాన్నతో అనేదాన్ని కూడా. తర్వాత గమనించడం మొదలుపెట్టాను. నాయనమ్మకి కంటి ఆపరేషన్ అయినకాడి నుంచి, చేపల పులుసు చేసినప్పుడల్లా ఆమె పక్కన నువ్వు కూర్చుంటున్నావు. బొచ్చె ముక్కని వేళ్లతో విప్పి, ముల్లు ఒక్కొక్కటే కంచం అంచున పెట్టి, ఒట్టి కండ ఆమె అన్నం మీదకి జరుపుతున్నావు. ఎవరూ చెప్పలేదు నీకు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను, మెచ్చుకుంటే మానేస్తావేమోనని. ఇది రాశానని మానేయొద్దురా.

ఫిజిక్స్ మార్కులు చూసుకుని మొన్న నువ్వు దిగులుగా ఉన్నావు. నాకు 2019 జులై గుర్తొచ్చింది. చంద్రయాన్-2 తెల్లవారుజామున 2:51కి పోతుందని, పదిహేనో తేదీ అర్ధరాత్రి దాటాక మీ నాన్న నిన్ను లేపి మిద్దె మీదకి తీసుకొచ్చాడు. చాప పరుచుకుని ముగ్గురం శ్రీహరికోట వైపు తిరిగి కూర్చున్నాం. తీరా చూస్తే ఇంకో గంట ఉందనగా ఆపేశారని ఫోన్‌లో వచ్చింది. నువ్వు ఏడుస్తావనుకున్నాను. మీ నాన్న మొహం చూసి, "బాధపడమాక నాన్నా, బాగుచేసుకుని మళ్లీ పంపిస్తార్లే" అన్నావు. తొమ్మిదేళ్లు అప్పుడు నీకు. వారం తిరిగేసరికి 22న మధ్యాహ్నం 2:43కి పోనే పోయింది. ఆ మాటే ఇప్పుడు నీకు తిరిగిస్తున్నా. బాధపడమాక. ట్యూషన్ కావాలంటే చెప్పు, వద్దంటే నీ పద్ధతిలో చదువుకో. మార్కుల సంగతి రేపు ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఇంక రేపటి విషయం. కాలేజీ దగ్గరికి నేను రాను, కేకూ పంపను. సాయంత్రం నీ స్నేహితులతో కారం దోసెలు తినడానికి 1,500 రూపాయలు నీ టేబుల్ సొరుగులో పెట్టాను. లెక్క చెప్పక్కర్లేదు. తర్వాత వాళ్లు ఇంటికొస్తే మలై కాజా పెట్టె ఫ్రిజ్‌లో ఉంటుంది, నువ్వే తీసి పెట్టు. నేను పలకరించి లోపలికి పోతాను. వాళ్ల ముందు నిన్ను కార్తీక్ అనే పిలుస్తాను. "చిట్టోడా" అని మాత్రం ఇంట్లో మనమే ఉన్నప్పుడు అంటాను, అది మానుకోమంటే నా వల్ల కాదు. ఎనిమిది కల్లా ఇంటికి చేరు. బండి అడగొద్దు, 18 నిండి లైసెన్స్ వచ్చేదాకా మీ నాన్న తాళం ఇవ్వడు, నేనూ ఇమ్మని చెప్పను.

రాత్రికి పులుసు చేస్తున్నా. ఎల్లుండి పొద్దునకి నీకు ఇష్టమైనట్టు కాస్త మిగిలేలా ఎక్కువే చేస్తాను.

దీనికి జవాబు రాయాలని లేదు. బ్లూ టిక్ పడితే చాలు, చదివావని నాకు తెలుస్తుంది.

చిట్టోడా, నువ్వంటే నాకు చాలా ఇష్టం. మీ నాన్నకి కూడా, ఆయనకి చెప్పడం రాదు గానీ ఆ సొరుగులో డబ్బుల కింద ఉన్న వాచీ ఆయన కొన్నదే. మూడు షాపులు తిరిగి తెచ్చాడు.

ఇంక పడుకో. పొద్దున ఐదున్నరకి నాయనమ్మ హారతి పళ్లెం పట్టుకుని నీ గదికి వస్తుంది. ఆమెకి సరిగ్గా కనపడదు, నువ్వే కాస్త తల వంచు.

అమ్మ