విషయం: ఆవకాయ పార్సిల్ ఫిర్యాదు - ఫోన్‌లో మాట్లాడేందుకు

సరోజ గారికి నమస్కారం.

మీరు పంపిన ఫోటోలు చూశాను. సీసా మూత వదులై నూనె కారి, అదే పెట్టెలో పెట్టమని మీరిచ్చిన పట్టుచీర అంచంతా ఎర్రగా మరకపడింది. సీలు సరిగ్గా వెయ్యకపోవడం మా తప్పే. అమ్మాయి సీమంతం చీర అని చదివి చాలా బాధేసింది. పైగా మీరు రెండుసార్లు ఫోన్ చేసినా మావాళ్లు ఎత్తలేదు. క్షమించండి.

పచ్చడి డబ్బులు 1,350 రూపాయలు ఈరోజే మీ ఖాతాకి వెనక్కి పంపాను. చీర సంగతి మెయిల్‌లో తేలేది కాదు, మీతో మాట్లాడాలి. గురువారం ఉదయం 11 గంటలకి గానీ, శుక్రవారం సాయంత్రం 6 గంటలకి గానీ నేనే ఫోన్ చేస్తాను. రెండూ కుదరకపోతే మీకు వీలైన టైమ్ చెప్పండి. ఈలోపు చీరని నీళ్లలో తడపకండి.

ఇట్లు,
రమేష్
పచ్చళ్ల దుకాణం యజమాని, కాకినాడ