బోరబండ బస్తీ క్లినిక్‌కు అల్ట్రాసౌండ్ మెషీన్, శిక్షణ: ఆర్థిక సహాయ ప్రతిపాదన సారాంశం

గౌరవనీయులైన ట్రస్టీలకు నమస్కారం.

హైదరాబాద్ బోరబండలో మేం 11 ఏళ్లుగా నడుపుతున్న క్లినిక్‌కు ఒక సాధారణ అల్ట్రాసౌండ్ మెషీన్ కొనడానికి, దాన్ని చట్టప్రకారం వాడగలిగేలా మా డాక్టరుకు శిక్షణ ఇప్పించడానికి మీ ట్రస్టు నుంచి రూ. 12,50,000 సహాయం కోరుతున్నాం. మొత్తం ఖర్చు రూ. 13,60,000 అవుతుంది. స్కాన్ గదికి అయ్యే రూ. 1,10,000 మా సొసైటీ, బస్తీవాళ్లు కలిసి భరిస్తారు. అందులో సగానికి పైగా ఇప్పటికే పోగయింది.

ఈ అవసరం ఎక్కడ పుట్టింది

మంగళ, శుక్రవారాల్లో మా దగ్గర గర్భిణుల ఓపీ ఉంటుంది. వారానికి 35 మంది దాకా వస్తారు. ఎక్కువమంది పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చి ఇక్కడ కట్టడం పనుల్లో, సనత్‌నగర్ షెడ్లలో, ఇళ్లలో పనిచేసుకునేవాళ్లు. డాక్టరమ్మ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఆఖరుసారి నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?" తేదీ చెప్పగలిగేవాళ్లు తక్కువ. "బోనాలప్పుడు మేడమ్" అంటారు. "ఏ బోనాలమ్మా, గోల్కొండవా, లాల్‌దర్వాజావా?" అని మళ్లీ అడగాలి. గోల్కొండలో మొదలైన బోనాలు లాల్‌దర్వాజాకు చేరేసరికి మూడు వారాలు గడిచిపోతాయి. ఆ మూడు వారాలు మాకు చిన్న తేడా కాదు. నెలలు నిండాయనుకున్న బిడ్డకు నిజానికి 34 వారాలే కావచ్చు. మొదటి మూడు నెలల్లో ఒక్క స్కాన్ చేస్తే పిండం పొడవును బట్టి ఈ లెక్క తేలిపోతుంది. 24 వారాలలోపు ప్రతి గర్భిణికీ కనీసం ఒక స్కాన్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే సిఫార్సు చేసింది.

ఇప్పుడు మేం చేయగలిగింది టేపుతో పొట్ట కొలవడం, డాప్లర్‌తో బిడ్డ గుండె వినడం, ఆపైన బయటికి స్కాన్ రాసివ్వడం. మా చుట్టుపక్కల స్కాన్‌కు రూ. 800 నుంచి 1,200 దాకా తీసుకుంటారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమే, ఆడవాళ్లకు బస్సు కూడా ఉచితమే. కానీ పొద్దున పోతే సాయంత్రం అవుతుంది, ఆ రోజు కూలి పోతుంది. రాసిచ్చిన చీటీ పర్సులోనే మడతపడి ఉండిపోతుంది. మళ్లీ నెలకు ఓపీకి వచ్చినప్పుడు అదే చీటీ చూపిస్తారు.

పోయిన కార్తీకంలో ఏడో నెల గర్భిణి ఒకామె కొద్దిగా రక్తం కనబడుతోందని వచ్చింది. మాయ కిందికి ఉందేమోనని డాక్టరుకు అనుమానం వచ్చి వెంటనే ఆసుపత్రికి వెళ్లమన్నారు. "స్కాన్ తీసుకుని పోతాం, శనివారం కూలి డబ్బులొస్తాయి" అన్నాడు భర్త. మేం ఎంత చెప్పినా వినలేదు. నాలుగు రోజుల తర్వాత అర్ధరాత్రి 108లో తీసుకెళ్లాల్సి వచ్చింది. తల్లీబిడ్డా బతికారు. ఆ నాలుగు రోజులూ మా నర్సు రోజూ వాళ్లింటికి వెళ్లి చూసొచ్చింది. మా దగ్గర మెషీన్ ఉండి ఉంటే ఆ అనుమానం పది నిమిషాల్లో తీరేది. ఆ రోజే ఆమెను పంపించగలిగేవాళ్లం.

ఏం చేస్తాం, ఏం చేయం

మేం చూసేవి ఇవి: గర్భం గర్భసంచిలోనే ఉందా, ఎన్ని వారాలు, కవలలా, బిడ్డ గుండె, ఉమ్మనీరు, మాయ ఉన్న చోటు, ఆఖరి నెలల్లో బిడ్డ తల కిందికి తిరిగిందా. మిగతా రోజుల్లో పిత్తాశయం, కిడ్నీల్లో రాళ్లలాంటివి కూడా చూడొచ్చు. అవయవ లోపాలు చూసే టిఫా స్కాన్ జోలికి మేం వెళ్లం. దానికి ఎక్కువ నైపుణ్యం, ఇంతకన్నా మంచి మెషీన్ కావాలి. అది పెద్దాసుపత్రికే రాసిస్తాం. సగం చూసి "అంతా బాగుంది" అని చెప్పడం కన్నా చూడకపోవడమే మేలని మా డాక్టరు గట్టిగా నమ్ముతారు, మేమూ నమ్ముతాం.

లింగ నిర్ధారణ నిషేధ చట్టం విషయంలో మాకు రాజీ లేదు. క్లినిక్ రిజిస్టర్ కాకుండా కంపెనీ మాకు మెషీన్ అమ్మకూడదు. అందుకే మొదటి పని రిజిస్ట్రేషన్. గర్భిణికి చేసే ప్రతి స్కాన్‌కూ ఆ చట్టం అడిగే ఫామ్-ఎఫ్ నింపుతాం, తల్లి సంతకం, డాక్టరు సంతకం తీసుకుంటాం, ప్రతి నెలా 5వ తేదీలోపు జిల్లా అధికారికి నివేదిక పంపుతాం. మెషీన్ గది దాటి బయటికి పోదు. ఆరోగ్య శిబిరాలకు తీసుకురమ్మని ఎవరడిగినా ఇవ్వం.

శిక్షణ గురించి

కొన్ని దాతృత్వ సంస్థలు మెషీన్ ఇచ్చి ఊరుకుంటాయి. ఆ తర్వాత అది గుడ్డ కప్పుకుని మూలన ఉంటుంది. మా డాక్టరు ఎంబీబీఎస్. గర్భిణులకు స్కాన్ చేయాలంటే ఆమె గుర్తింపు పొందిన సంస్థలో ఆరు నెలల శిక్షణ తీసుకుని పరీక్ష పాసవ్వాలి. నర్సుల చేత స్కాన్ చేయించడం చట్టం ఒప్పుకోదు, మేం చేయించం. ఆ ఆరు నెలలూ ఓపీ ఆగకూడదు కాబట్టి ఇంకో డాక్టరును పెట్టుకోవాలి. శిక్షణ ఫీజు కన్నా ఈ జీతమే పెద్ద ఖర్చు. ఈలోపు వారానికి రెండు పూటలు స్కాన్ చేయడానికి ఒక గైనకాలజిస్టు ఒప్పుకున్నారు. ఒక డాక్టరు ఒక జిల్లాలో రెండు చోట్లకు మించి స్కాన్ చేయకూడదు. ఆమె ఇంకో చోట మాత్రమే చేస్తున్నారు కనుక మాకు ఇబ్బంది లేదు. మా ఇద్దరు నర్సులకు ఫామ్-ఎఫ్ నింపడం, పొట్టకు ఆనించే ప్రోబ్‌ను శుభ్రం చేయడం, రిపోర్టును తల్లికి అర్థమయ్యేలా చెప్పడం నేర్పిస్తాం.

ఖర్చు

రెండు ప్రోబ్‌లతో బ్లాక్ అండ్ వైట్ మెషీన్‌కు పన్నులతో కలిపి రూ. 5,60,000. మూడు కొటేషన్లు జతచేశాం. అన్నిటికన్నా చవకది ఎంచుకోలేదు, హైదరాబాద్‌లోనే సర్వీసు ఇంజినీరు ఉన్న కంపెనీది ఎంచుకున్నాం. యూపీఎస్, ప్రింటర్‌కు రూ. 62,000. రిజిస్ట్రేషన్ ఫీజు రూ. 25,000. బదులు డాక్టరు జీతం నెలకు రూ. 55,000 చొప్పున ఆరు నెలలకు రూ. 3,30,000. శిక్షణ ఫీజు, రాకపోకలకు రూ. 45,000. గైనకాలజిస్టుకు 52 పూటలకు రూ. 1,30,000. నర్సుల శిక్షణకు రూ. 18,000. వారంటీ అయ్యాక రెండేళ్ల మెయింటెనెన్స్‌కు రూ. 80,000.

డబ్బు మూడు విడతల్లో ఇవ్వమని కోరుతున్నాం. మొదట రూ. 2,53,000. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీకు చూపించాక మెషీన్, యూపీఎస్, ప్రింటర్ల రూ. 6,22,000. ఈ మొత్తం నేరుగా అమ్మకందారులకే చెల్లించండి, మా ఖాతాకు రానక్కర్లేదు. చివరగా రూ. 3,75,000. ఆ తర్వాత జెల్, పేపర్ రోల్స్, కరెంటు మా బాధ్యత. స్కాన్‌కు రూ. 150 తీసుకుంటాం. అదీ ఇవ్వలేనివాళ్ల దగ్గర తీసుకోం. స్కాన్ చేయించుకున్న ప్రతి తల్లికీ రిపోర్టు కాపీ చేతికిస్తాం.

ప్రతి మూడు నెలలకూ మీకు లెక్క పంపుతాం: మొదటి స్కాన్ ఎన్నో వారంలో జరిగింది, ఎంతమందిని పెద్దాసుపత్రికి పంపాం, వాళ్లలో ఎందరు నిజంగా చేరారు, మెషీన్ ఎన్ని రోజులు పనిచేయలేదు. స్కాన్ల సంఖ్య కూడా ఇస్తాం గానీ, దాన్ని పెంచడం మా లక్ష్యం కాదు. అవసరం లేని స్కాన్ ఒక్కటీ చేయకూడదన్నదే మా పద్ధతి.

మీ ప్రతినిధులు ఏ మంగళవారమైనా, శుక్రవారమైనా ఉదయం 9:30 తర్వాత రావచ్చు. ముందుగా చెప్పనక్కర్లేదు. గది చూడొచ్చు, రిజిస్టర్లు చూడొచ్చు, ఓపీలో కూర్చున్న తల్లులతో మాట్లాడొచ్చు. గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, సొసైటీ రిజిస్ట్రేషన్, 80జీ పత్రాలు దీనితో జతచేశాం.

ఇట్లు,
కార్యదర్శి, క్లినిక్ నిర్వహణ కమిటీ
బోరబండ, హైదరాబాద్