విషయం: షిప్పింగ్ బిల్లు ఫైల్ చేసేముందు రెండో మనిషి చెకింగ్ – రెండు వారాల ట్రయల్‌కి మీ అనుమతి

రమణ గారూ,

నమస్కారం. రొయ్యల రీఫర్ కంటైనర్ల ఫైళ్లలో చిన్న మార్పు చేసి చూద్దామని అడుగుతున్నాను. ముందు ఒక్క ఎక్స్‌పోర్టర్ ఫైళ్ల మీదే.

గత నెల మన డెస్క్ వేసిన 48 బిల్లుల్లో 7 బిల్లులకి అమెండ్‌మెంట్ పెట్టాం. అందులో 5 బరువు, కార్టన్ల తేడాలే. టైపింగ్ తప్పులు కావవి. పార్టీ మన చెక్‌లిస్టుకి వాట్సాప్‌లో ఓకే చెప్పేస్తారు. తీరా స్టఫింగ్‌లో కార్టన్లు తగ్గితే కొత్త ప్యాకింగ్ లిస్టు మెయిల్‌కి పంపుతారు. వాట్సాప్ ఒకరు చూస్తారు, మెయిల్ ఇంకొకరు. బిల్లు పాత బరువుతోనే వెళ్లిపోతుంది. మిగతా 2 కంటైనర్ నంబర్లో అంకెలు తారుమారైనవి.

ఫైలయ్యాక దిద్దాలంటే సెక్షన్ 149 కింద కస్టమ్స్ ఆమోదం కావాలి, అంతదాకా ఎల్ఈఓ ఆగుతుంది. ఈలోగా గేట్ కటాఫ్ దాటితే కంటైనర్ తర్వాతి ఓడకే. మైనస్ 18 డిగ్రీల్లో ఉంచాల్సిన సరుకు కదా, ప్లగ్ ఛార్జీలు ఎవరు కట్టాలన్న పేచీ మళ్లీ మన మీదికే వస్తుంది.

నేను అనుకుంటున్న పద్ధతి ఇది. ప్యాకింగ్ లిస్టు మెయిల్‌లో వస్తేనే లెక్క, వాట్సాప్ ఓకే చెల్లదు. ఫైల్ చేసేముందు రెండో మనిషి మెయిల్‌లోని చివరి లిస్టు, ఇన్‌వాయిస్ తెరిచి పైకి చదవాలి: ఇన్‌వాయిస్ నంబరు, కార్టన్లు, నికర బరువు, స్థూల బరువు, హెచ్ఎస్ కోడ్, కంటైనర్, సీల్ నంబర్లు. తయారుచేసినవాళ్లు స్క్రీన్ మీద సరిచూసుకోవాలి. ఇద్దరూ స్క్రీనే చూస్తే ఉపయోగం లేదు, ఉన్న తప్పు ఇద్దరికీ ఒప్పుగానే కనిపిస్తుంది. కంటైనర్ నంబర్లో చివరి అంకె చెక్ డిజిట్ కాబట్టి దానికి ఎక్సెల్‌లో ఫార్ములా పెడతాను. అంకెలు తారుమారైతే దాదాపు అన్నిసార్లూ అక్కడే దొరుకుతుంది.

ఫైలుకి ఆరేడు నిమిషాలు పడుతుంది. ఇబ్బందల్లా సాయంత్రం రద్దీలోనే. కటాఫ్‌కి రెండు గంటల కన్నా తక్కువ ఉంటే బరువులు, కార్టన్లు, కంటైనర్ నంబరు మాత్రం చూసి వదిలేద్దాం.

ట్రయల్ వచ్చే సోమవారం నుంచి రెండు వారాలు, మన భీమవరం పార్టీ ఫైళ్లకి. సుమారు 12 వస్తాయి. ఇంత తక్కువ ఫైళ్లలో అమెండ్‌మెంట్ ఒక్కటీ రాకపోయినా అది రుజువు కాదు. అందుకని ఫైలింగ్‌కి ముందే ఎన్ని తప్పులు పట్టుకున్నాం, ఎన్ని నిమిషాలు పట్టింది అన్నవి షీట్‌లో రాస్తాను. సగటు 10 నిమిషాలు దాటినా, చెకింగ్ వల్ల ఒక్క కటాఫ్ తప్పినా ఆపేద్దాం.

మీ నుంచి రెండు కావాలి: శుక్రవారంలోగా సరే అన్న మాట, లిస్టులు మెయిల్‌కే పంపమని ఆ పార్టీకి మీ పేరుతో ఒక మెయిల్. మేం చెబితే వాళ్లు వాట్సాప్ మానరు. మెయిల్ డ్రాఫ్ట్ జత చేశాను.

ఇట్లు,
శ్రావణి
ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్, విశాఖపట్నం