ఆఫర్ లెటర్ రాకముందు ఒక విషయం అడగాలని

సుజాత మేడమ్ గారికి, నమస్కారం.

మీరు అడిగిన సర్టిఫికెట్లు, మూడు నెలల పే స్లిప్పులు శుక్రవారమే పంపాను. ఆఫర్ లెటర్ ఈ వారంలో వస్తుందన్నారు కదా, దానికోసమే చూస్తున్నాను.

ఈలోగా ఆదివారం మీ కంపెనీ గురించి ఒక వార్త చదివాను. హైదరాబాద్, పుణె ఆఫీసుల్లో కొంతమందిని తీసేస్తున్నారని రాశారు. వైజాగ్ ఊసు అందులో లేదు. పేపర్లో వచ్చిందల్లా నిజమని నేను అనుకోను. కానీ చదివాక మిమ్మల్ని అడగకుండా ఇప్పుడున్న ఉద్యోగం వదులుకోవడానికి మనసొప్పలేదు.

ఇంటర్వ్యూలో మేనేజర్ గారు రుషికొండ ఆఫీసులో సపోర్ట్ టీమ్‌కి కొత్తగా మనుషులు కావాలన్నారు. ఈ వార్త తర్వాత కూడా ఆ పోస్టుకి అనుమతి అలాగే ఉందా మేడమ్? ఆ టీమ్ ఒక్క క్లయింటు పని మీదే నడుస్తోందా, ఇంకా వేరే ప్రాజెక్టులు ఉన్నాయా? నేను చేరాక ప్రొబేషన్‌లో ఉండగా ఆ ప్రాజెక్టు ఆగిపోతే వేరే టీమ్‌కి మారుస్తారా, బెంచ్ మీద ఎన్నాళ్లు ఉంచుతారు? క్లయింటు పేరు, లెక్కలు నాకు అక్కర్లేదు. మీరు చెప్పగలిగినంత చెబితే చాలు.

ఇంతగా అడగడానికి కారణం ఉంది. మా అన్నయ్యకి ఒకచోట ఇలాగే ఆఫర్ వచ్చింది. ఉన్న ఉద్యోగం మానేసి రిలీవింగ్ లెటర్ కూడా తెచ్చుకున్నాడు. చేరాల్సిన రోజుకి పది రోజుల ముందు, పోస్టు రద్దయిందని రెండు లైన్ల మెయిల్ పంపారు. పాత ఆఫీసు వాళ్లు అప్పటికే వేరే మనిషిని తీసుకున్నారు. తర్వాత ఐదు నెలలు ఇంట్లోనే ఉన్నాడు. గాజువాకలో మా ఇంటి లోను నాన్న పెన్షన్‌తో, నా జీతంతో కడుతున్నాం. అందుకే భయం.

నాకు 60 రోజుల నోటీస్ పీరియడ్ ఉంది. రాజీనామా రాసి పెట్టుకున్నాను, ఇంకా పంపలేదు. మీ ఆఫర్ లెటర్ చేతికి వచ్చి, మీ జవాబు చూశాక అదే రోజు పంపుతాను. జాయినింగ్ తేదీ వెనక్కి జరిగే పరిస్థితి వస్తే ముందుగా మెయిల్‌లో తెలియజేస్తామని లెటర్‌లో ఒక మాట చేర్చగలిగితే మా ఇంట్లో వాళ్లకీ ధైర్యంగా ఉంటుంది. అది మీ చేతిలో లేకపోతే ఆ సంగతైనా చెప్పండి, నేను తప్పుగా అనుకోను.

ఈ ఉద్యోగం నాకు కావాలి మేడమ్. రెండో రౌండ్‌లో ఆ టీమ్ లీడ్ గారు నా తప్పు జవాబుని కూడా ఓపిగ్గా విని, అక్కడే బోర్డు మీద సరిచేసి చూపించారు. అలాంటివారి దగ్గర పని నేర్చుకోవాలని ఉంది. నా ప్రశ్నల వల్ల నాకు ఆసక్తి తగ్గిందని మాత్రం అనుకోవద్దు.

ఇవన్నీ మెయిల్‌లో రాయడం ఇబ్బంది అనిపిస్తే ఫోన్ చేయండి. సాయంత్రం ఆరున్నర తర్వాత ఎప్పుడైనా మాట్లాడగలను.

ఇట్లు,
హరిత
గాజువాక, విశాఖపట్నం